బాణం మీద క్రియ ఉందా? సోషియాలజీ పాఠాన్ని ఒక్క పేజీ స్కెచ్‌నోట్‌గా మార్చడం



పదకొండు, పన్నెండు తరగతుల్లో సోషియాలజీ తీసుకున్న పిల్లలు ఈమధ్య ఇంటికి తెస్తున్న నోట్సు చూసి మీలో కొందరు ఒక సందేహం అడిగారు: "బోర్డు పరీక్షల ఏడాదిలో ఈ బొమ్మలేమిటండీ?" న్యాయమైన ప్రశ్నే. పేజీలో ఒక నిచ్చెన, రెండు ఇళ్లు, ఒక గోడ, నాలుగైదు బాణాలు, అక్కడక్కడా నాలుగు మాటలు కనిపిస్తే అది చదువా, కాలక్షేపమా అని ఎవరికైనా అనిపిస్తుంది.

దీన్నే స్కెచ్‌నోట్ అంటారు. ఒక పాఠంలోని వాదాన్ని గుర్తులు, బాణాలు, ముఖ్యమైన మాటలతో ఒక్క పేజీలోకి తేవడం అన్నమాట. అమెరికన్ డిజైనర్ మైక్ రోడీ 2012లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. అయితే మంచి స్కెచ్‌నోట్, పనికిరాని స్కెచ్‌నోట్ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ బొమ్మలుంటాయి, రంగులుంటాయి. తేడా బాణాల్లో ఉంటుంది. ఆ తేడా మీకు తెలిస్తే, సోషియాలజీ చదవకపోయినా మీ అమ్మాయి, అబ్బాయి గీసిన పేజీ పనికొస్తుందో లేదో రెండు నిమిషాల్లో చెప్పగలరు. ఒక పాఠాన్ని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం.

మనం తీసుకునే పాఠం

ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి సోషియాలజీ పుస్తకం 'సోషల్ చేంజ్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్ ఇండియా'లో రెండో అధ్యాయం సాంస్కృతిక మార్పు గురించి. అందులో సంస్కృతీకరణ అనే భాగం ఉంది. ఈ మాటను ప్రచారంలోకి తెచ్చింది మైసూరులో పుట్టిన సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్. కర్ణాటకలోని కొడగు ప్రజలపై 1952లో వెలువడిన తన పుస్తకంలో ఆయన దీన్ని వివరించారు.

ఆయన చెప్పింది మామూలు మాటల్లో ఇదీ: కులాల వరుసలో కింద ఉందని భావించే ఒక కులం, పైన ఉన్న కులం ఆచారాలను, పూజా పద్ధతులను, తిండి అలవాట్లను క్రమంగా తనవిగా చేసుకుంటుంది. మాంసం మానేస్తుంది, మద్యం మానేస్తుంది, పెళ్లితంతు మార్చుకుంటుంది. అలా ఒకటి రెండు తరాల్లో ఆ ఊరి వరుసలో కాస్త పైస్థానాన్ని అందుకోగలుగుతుంది. ఆ తర్వాత పాఠం ఈ భావన మీద వచ్చిన విమర్శలను చెబుతుంది.

చదవడానికి తేలికగానే ఉంటుంది. చిక్కంతా రాసేటప్పుడు వస్తుంది. శ్రీనివాస్ ఏమన్నారు, ఏ షరతు మీద అన్నారు, విమర్శకులు ఏమన్నారు అనే మూడూ పిల్లల మనసులో కలిసిపోతాయి. వాటిని విడదీసి చూపించడమే స్కెచ్‌నోట్ చేయాల్సిన పని.

పెన్ను పట్టుకునే ముందు

మొదటి అరగంట బొమ్మ గీయకూడదు. ఇది పిల్లలకు నచ్చని నియమం, కానీ తప్పదు. చదువుతూ చదువుతూ గీయడం మొదలుపెడితే మొదటి పేరాకే సగం కాగితం అయిపోతుంది. చివర్లో వచ్చే విమర్శలు అడుగున చీమల బారులా ఇరుక్కుంటాయి.

ముందు పాఠం అంతా ఒకసారి ఊరికే చదవాలి. రెండోసారి చదివేటప్పుడు ప్రతి పేరా పక్కన పెన్సిలుతో ఒక్క మాట రాయాలి. ఆ పేరా దేని గురించో కాదు, అది ఏం పని చేస్తోందో రాయాలి. మన పాఠంలో ఆ మాటలు ఇలా వస్తాయి: నిర్వచనం, షరతు, అడ్డంకి, విమర్శ, మళ్లీ విమర్శ. "కులం గురించి" అని రాస్తే ఏ పేరాకైనా సరిపోతుంది, కాబట్టి దానివల్ల ఉపయోగం లేదు. "అడ్డంకి" అని రాస్తే మాత్రం కాగితం మీద అక్కడ ఏ గుర్తు రావాలో సగం తెలిసిపోయినట్టే.

ఆ తర్వాత పుస్తకం మూసి, పాఠం మొత్తాన్ని ఒకే వాక్యంలో రాయమనాలి. ఉదాహరణకు: "పైకులం ఆచారాలు తీసుకున్న కులం ఒక మెట్టు పైకి జరగవచ్చు, కానీ మెట్ల వరుస మాత్రం అలాగే ఉంటుంది." ఈ వాక్యం రాకపోతే బొమ్మ మొదలుపెట్టకూడదు. పాఠం ఇంకా అర్థం కాలేదన్నమాట. మళ్లీ ఒకసారి చదవాలి.

గుర్తుల ఎంపిక: ఇక్కడే జాగ్రత్త కావాలి

ఒక పేజీకి ఆరేడు గుర్తులు చాలు. ప్రతిదీ పది సెకన్లలో గీయగలిగేదై ఉండాలి. చిత్రకళ రానక్కర్లేదు. గీతలు, డబ్బాలు, త్రిభుజాలు వస్తే సరిపోతుంది.

ఈ పాఠానికి పిల్లలు తరచు ఎంచుకునే మొదటి గుర్తు సంస్కృత పుస్తకం. అది తప్పుదారి. సంస్కృతీకరణ అంటే సంస్కృత భాష నేర్చుకోవడం కాదు. ఆచారాలు, జీవన విధానం మార్చుకోవడం. పేరును చూసి బొమ్మ వేస్తే, ఆ బొమ్మ తప్పు అర్థాన్నే పరీక్ష హాలు దాకా మోసుకెళ్తుంది. దాని బదులు ఒక అన్నం పళ్లెం, ఒక దీపం గీస్తే చాలు. పళ్లెం అంటే తిండి అలవాట్లు, దీపం అంటే పూజలు, తంతులు.

రెండో చిక్కు ఇంకా సున్నితమైనది. కులాన్ని ఏ గుర్తుతో చూపించాలి? మనుషుల బొమ్మలు వేయడం మొదలుపెడితే ఒకరికి జంధ్యం, ఇంకొకరి చేతిలో చీపురు, ఒకరి ముఖానికి తెలుపు, మరొకరి ముఖానికి నలుపు వచ్చేస్తాయి. పిల్లలకు ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ పాఠం దేన్ని ప్రశ్నించమంటోందో దాన్నే ఆ బొమ్మ నిజమని ఒప్పుకున్నట్టు అవుతుంది. పైగా ఆ పేజీని పక్క బెంచీ వాళ్లు చూస్తారు. తరగతిలో అన్ని ఇళ్ల పిల్లలూ ఉంటారు. అందుకని కులానికి మనిషి బొమ్మ వద్దు, కులం పేరు వద్దు. ఒక ఖాళీ చదరం చాలు. అది నిచ్చెనలో ఏ మెట్టు మీద ఉందన్నదే ఇక్కడ విషయం.

కాబట్టి మన గుర్తులు ఇవి: ఒక నిచ్చెన, దాని మీద చదరం, పళ్లెం, దీపం, డబ్బు సంచి, గుడి గోపురం, గోడ. విమర్శల కోసం రెండు చిన్న ఇళ్లు, ఒక పార.

బాణాలే వాదం

గుర్తు ఒక వస్తువు పేరు మాత్రమే చెబుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఏమిటో చెప్పేది బాణం. అందుకే ప్రతి బాణం మీదా ఒక క్రియ రాయాలి: తీసుకుంటుంది, అడ్డుకుంటుంది, తెస్తుంది, మార్చదు. క్రియ లేని బాణం "వీటికీ వాటికీ ఏదో సంబంధం ఉంది" అన్నంత వరకే చెబుతుంది. అంతమాత్రానికి మార్కులు రావు.

మూడు రకాల బాణాలు సరిపోతాయి. తప్పకుండా జరిగేదానికి నిండుగీత బాణం. జరగవచ్చు, జరగకపోవచ్చు అన్నదానికి చుక్కల బాణం. ఆగిపోయినదానికి ముందు అడ్డుగీత ఉన్న బాణం. ఈ మూడింటి అర్థాన్ని పేజీ మూలలో చిన్నగా రాసుకోవాలి.

ఇది చాదస్తం కాదు. మన పాఠంలోనే చూడండి. "ఆచారాలు మార్చుకోవడం" నుంచి "పైస్థానం"కి పిల్లలు మామూలుగా నిండుగీత బాణం వేస్తారు. శ్రీనివాస్ అలా అనలేదు. సాధారణంగా స్థానం మెరుగుపడుతుందన్నారు. అది కూడా ఆ కులానికి ముందే కొంత ఆర్థిక బలమో, రాజకీయ బలమో వచ్చి ఉండాలి. లేదా పుణ్యక్షేత్రం, మఠం లాంటివాటితో సంబంధం ఏర్పడి తన గురించి తనకు కొత్త స్పృహ కలగాలి. కాబట్టి అది చుక్కల బాణమే. గీత మారితే వాదమే మారిపోతుంది.

పేజీ ఎలా రూపుదిద్దుకుంటుంది

ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి, పెన్సిలుతో లేతగా నిలువునా మూడు భాగాలు చేయాలి. అడుగున రెండు వేళ్ల వెడల్పు పట్టీ వదలాలి. ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను చాలు. శ్రీనివాస్ చెప్పినదంతా నీలంలో, విమర్శకులు చెప్పినదంతా ఎరుపులో రాయాలి. రంగు అలంకారం కోసం కాదు, ఎవరి మాటో గుర్తుపట్టడం కోసం. స్కెచ్ పెన్నుల సెట్టు కొననక్కర్లేదు, ట్యాబ్ అసలే అక్కర్లేదు.

మధ్య భాగంలో ఐదు మెట్ల నిచ్చెన. రెండో మెట్టు మీద చదరం. అక్కడి నుంచి మూడో మెట్టుకు చుక్కల బాణం. దాని పక్కన పళ్లెం, దీపం. బాణం మీద "ఆచారాలు తీసుకుంటుంది", కింద చిన్నగా "1–2 తరాలు".

ఎడమ భాగంలో డబ్బు సంచి, గోపురం. రెండింటి నుంచీ ఆ చదరానికి బాణాలు, వాటి మీద "ముందు బలమిస్తుంది", "స్పృహ తెస్తుంది". ఇదే షరతు. ఇది పేజీలో ఎడమవైపు ఉండడానికి కారణముంది. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం, కాబట్టి ముందు జరగాల్సింది ముందే కంటపడుతుంది.

నిచ్చెన మూడో మెట్టు పైన గోడ. దానికి తగిలి ఆగిపోయిన ఇంకో బాణం. దాని మీద "ఆధిపత్య కులం శిక్షిస్తుంది". పైకులాల ఆచారాలు పాటించడానికి సాహసించిన వారిని ఊళ్లో బలమున్న కులాలు శిక్షించడం కూడా ఈ పాఠంలో భాగమే. పిల్లలు ఎక్కువగా వదిలేసేది దీన్నే.

కుడి భాగం మొత్తం ఎరుపు. పుస్తకంలో విమర్శలు ఐదు ఉన్నాయి. వాటిలో రెండింటికి కొత్త బొమ్మ అక్కర్లేదు. కింది కులాలు పైకి వెళ్లే అవకాశాన్ని ఈ భావన ఎక్కువ చేసి చూపిస్తోందన్నది ఒకటి. దీనికి చుక్కల బాణం పక్కన ఎర్ర ప్రశ్నార్థకం పెట్టి, "కొందరే కదులుతారు, నిచ్చెన కదలదు" అని రాస్తే సరిపోతుంది. పైకులం పద్ధతే గొప్పదని ఈ భావన ఒప్పుకున్నట్టు ఉందన్నది రెండోది. దీనికి పై మెట్టు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, "ఇదే గొప్ప అని ఎవరన్నారు?" అని రాయాలి. అసమానతను సమర్థించే ధోరణి ఇందులో ఉందన్న విమర్శ కూడా దీని పక్కనే ఇమిడిపోతుంది.

మిగిలిన రెంటికీ బొమ్మ బాగా పనికొస్తుంది. ఒకటి ఆడపిల్లల గురించి. పైకులాల ఆచారాలు తీసుకోవడంతో పాటు ఆడవాళ్లను ఇంటికే పరిమితం చేయడం, కన్యాశుల్కం పోయి వరకట్నం రావడం కూడా జరుగుతాయన్నది ఆ విమర్శ. మన పల్లెల్లో పెద్దవాళ్లు 'ఓలి' అని పిలిచేది ఆ కన్యాశుల్కాన్నే. దీన్ని ఎలా చూపించాలి? రెండు ఇళ్లు గీయాలి, ఒకటి పెళ్లికొడుకుది, ఒకటి పెళ్లికూతురిది. మొదటి వరుసలో డబ్బు బాణం పెళ్లికొడుకు ఇంటి నుంచి పెళ్లికూతురి ఇంటికి వెళ్తుంది. దాని కింది వరుసలో అవే ఇళ్లు, బాణం మాత్రం తిరగబడుతుంది. ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ రాయనక్కర్లేదు. "పైకి వెళ్లడం" అన్న మార్పులో ఆ ఇంటి ఆడపిల్లకు ఏం జరిగిందో ఆ తిరగబడ్డ బాణమే చెబుతుంది. ఇంట్లో అమ్మమ్మనో, నాయనమ్మనో ఓలి గురించి అడిగి రమ్మంటే పాఠం ఇంకా దగ్గరవుతుంది.

ఇంకొకటి శ్రమ గురించి. పైకులాల దృష్టినే అందరూ అందుకున్నప్పుడు, కింది కులాలు తరతరాలుగా చేసిన పనికి ఉన్న విలువ పోతుంది. ఆ పని సిగ్గుపడాల్సిందిగా మారుతుంది. దళితుల సంస్కృతి చెదిరిపోతుందన్న విమర్శలో ఇది ప్రధానమైన అంశం. ఇక్కడ పార బొమ్మ, దాని నుంచి కిందికి ఒక బాణం, "విలువ తగ్గిస్తుంది" అన్న క్రియ.

అడుగు పట్టీలో మొదట రాసుకున్న ఆ ఒక్క వాక్యం వస్తుంది. దాని పక్కన పరీక్షకు కావాల్సిన ఇంగ్లిషు మాటలు యథాతథంగా ఉండాలి: పొజిషనల్ చేంజ్ అవును, స్ట్రక్చరల్ చేంజ్ కాదు. అంటే చదరం కదిలింది, నిచ్చెన కదల్లేదు. ఇలాంటి సాంకేతిక పదాలను మాత్రం సొంత మాటల్లోకి మార్చకూడదు. మిగతావన్నీ పిల్లల సొంత మాటల్లోనే, ఒక్కొక్కటి నాలుగు మాటలకు మించకుండా ఉండాలి. తెలుగులో రాసుకున్నా అభ్యంతరం లేదు.

చదవడానికి అరగంట, గీయడానికి ఇంకో అరగంట. అంతకు మించి సమయం పడుతోందంటే అక్షరాలకు నీడలు దిద్దుతున్నారన్నమాట. అక్కడ ఆపమనండి.

మీరు ఎలా పరీక్షించాలి

పుస్తకం మూయించండి. పేజీ మీద వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి చదివి చెప్పమనండి. మీరు మూడు ప్రశ్నలు అడిగితే చాలు.

మొదటిది: "ఈ బాణం ఏమంటోంది?" జవాబు క్రియతో పూర్తి వాక్యంగా రావాలి. "అది... దానికి సంబంధించింది" అని నసిగితే ఆ బాణం ఊరికే గీసిందే.

రెండోది: "ఈ మాట ఎవరన్నారు?" శ్రీనివాసా, ఆయన్ని విమర్శించినవాళ్లా? రంగు చూసైనా చెప్పగలగాలి.

మూడోది: "ఏ గుర్తు తీసేస్తే కథ మారిపోతుంది?" డబ్బు సంచి తీసేస్తే ఆచారాలు మార్చుకోగానే ఎవరైనా పైకి వెళ్లిపోతారన్న తప్పు అర్థం వస్తుంది. గోడ తీసేసినా అంతే. ఏది తీసేసినా తేడా రాని పేజీలో ఉన్నవి బొమ్మలు మాత్రమే.

వారం తర్వాత అసలు పేజీని దాచి, తెల్లకాగితం మీద పది నిమిషాల్లో మళ్లీ గీయమనండి. అందంగా అక్కర్లేదు. ఏది మరిచిపోయారో అదే మళ్లీ చదవాల్సిన భాగం. మొదటిసారి గీసినప్పటికన్నా పిల్లలకు ఎక్కువ మేలు చేసేది ఇదే. పాత పేజీని ఊరికే చూస్తూ కూర్చుంటే అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, పరీక్ష హాల్లో చేయి కదలదు.

దీనికీ హద్దులున్నాయి

గీస్తే గుర్తుంటుందన్న మాటకు కొంత ఆధారం ఉంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, పదాలను రాసుకున్నవారి కన్నా వాటికి బొమ్మ గీసినవారికి ఎక్కువ పదాలు గుర్తున్నాయి. వాళ్ల బొమ్మలు బాగున్నాయా లేదా అన్నది పెద్ద తేడా తేలేదు. కానీ ఆ ప్రయోగాలు విడివిడి పదాల మీద జరిగాయి. ఒక వాదాన్ని అర్థం చేసుకోవడం వేరు. బొమ్మ పదాన్ని గుర్తు చేస్తుంది, వాదాన్ని పట్టుకోవాల్సింది బాణాల మీది క్రియలే.

అన్ని పాఠాలకూ ఇది నప్పదు. జనాభా అధ్యాయంలో జనన రేటు, మరణ రేటు ఎలా మారాయో చూపించడానికి గ్రాఫే మేలు. పట్టికల్లో ఉన్న అంకెలను గుర్తులుగా మారిస్తే అంకెలు పోతాయి. ఒక వాదం, దాని షరతులు, దానికి ఎదురువాదం ఉన్న పాఠానికే స్కెచ్‌నోట్ సరైనది.

అన్నిటికన్నా ముఖ్యంగా, పరీక్షలో నిచ్చెన గీస్తే మార్కులు రావు, పేరాగ్రాఫులు రాయాలి. అందుకే ఆఖరి మెట్టు ఒకటుంది. పేజీని ముందు పెట్టుకుని ఒక్కో బాణాన్ని ఒక్కో వాక్యంగా రాయాలి. మన పేజీ నుంచి జవాబు ఇలా మొదలవుతుంది: "ఒక కులానికి ఆర్థిక బలం పెరిగినప్పుడు లేదా పుణ్యక్షేత్రాలతో, మఠాలతో సంబంధం ఏర్పడినప్పుడు అది పైకులం ఆచారాలను తీసుకుంటుంది. దానివల్ల స్థానిక వరుసలో దాని స్థానం మెరుగుపడవచ్చు. అయితే ఆధిపత్య కులాలు దీన్ని తరచు అడ్డుకున్నాయి. విమర్శకుల ప్రకారం ఇందులో మారేది స్థానమే, వ్యవస్థ కాదు." నాలుగు వాక్యాలూ బాణాల మీది క్రియల నుంచి వచ్చినవే. ఇలా రాయగలిగారంటే ఆ పేజీ పని పూర్తయినట్టే. రాయలేకపోతే ఏ బాణం దగ్గర ఆగారో చూడండి, పుస్తకంలో ఆ పేరా దగ్గరికే తిరిగి వెళ్లమనండి.